బలికి సిద్ధమైన కుమారుడు ఇస్సాకా, ఇస్మాయీలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మూడు మతాల్లోనూ ఉన్న కథ ఒకటేనా?

కథకు వెన్నెముక ఒకటే. వృద్ధాప్యంలో సంతానం పొందిన తండ్రికి ఆ కుమారుణ్ణే బలి ఇవ్వమని దైవాజ్ఞ వస్తుంది, అతడు సిద్ధపడతాడు, చివరి క్షణంలో దేవుడు వారిస్తాడు, కుమారుడికి బదులుగా ఒక జంతువు బలి అవుతుంది. యూదులూ క్రైస్తవులూ చదివేది ఆదికాండము 22వ అధ్యాయంలోని కథనం. ముస్లిములు చదివేది ఖురాన్‌లో 37వ సూరా, అంటే అధ్యాయం, అయిన సాఫ్ఫాత్‌లో సుమారు 99 నుంచి 113 వరకు ఉన్న వాక్యాలు. తెలుగు బైబిల్లో అబ్రాహాము, ఇస్సాకు, ఇష్మాయేలు అని కనిపించే పేర్లు ముస్లిముల వాడుకలో ఇబ్రాహీం, ఇస్‌హాఖ్, ఇస్మాయీల్ అవుతాయి. ఈ పేజీలో ఏ సంప్రదాయం గురించి మాట్లాడుతుంటే ఆ సంప్రదాయపు పేరే వాడాము.

అయితే రెండు గ్రంథాలు కథ చెప్పే తీరు వేరు. ఆదికాండము ప్రయాణాన్ని అడుగడుగునా చూపిస్తుంది: తెల్లవారుజామున గాడిదకు గంత కట్టడం, కట్టెలు చీల్చడం, ఇద్దరు పనివారిని వెంటబెట్టుకోవడం, మూడవనాడు దూరంగా ఆ చోటు కనబడడం. ఖురాన్ వీటిలో దేనినీ చెప్పదు. అక్కడ ఒక కల, తండ్రీకొడుకుల మధ్య ఒక్క సంభాషణ, ఒక పిలుపు మాత్రమే ఉన్నాయి. ముఖ్యంగా, కుమారుడి పేరు లేదు.

ఆదికాండము ఇస్సాకు పేరును స్పష్టంగా చెబుతోంది కదా, ఇక సందేహం ఎందుకు వచ్చింది?

సందేహానికి మూలం ఆ వాక్యంలోనే ఉన్న ఒక్క మాట. 22వ అధ్యాయం రెండవ వచనంలో దేవుడు "నీ కుమారుణ్ణి, నీకున్న ఒక్కణ్ణి, నీవు ప్రేమించేవాణ్ణి, ఇస్సాకును" అని వరుసగా నాలుగు విధాల గుర్తుపట్టిస్తాడు. ఇందులో "ఒక్కణ్ణి" అన్న మాట లెక్కకు ఒదగదు. అదే గ్రంథం ప్రకారం దాసి హాగరు ఇష్మాయేలును కన్నప్పుడు అబ్రాహాముకు 86 ఏళ్లు. భార్య శారా ఇస్సాకును కన్నప్పుడు అతనికి 100 ఏళ్లు. అంటే ఇస్సాకు పుట్టేనాటికి ఇష్మాయేలుకు దాదాపు 14 ఏళ్లు నిండాయి. ఆ పద్నాలుగేళ్లూ అబ్రాహాముకు ఒక్కగానొక్క కుమారుడిగా ఉన్నవాడు ఇష్మాయేలే. ఇస్సాకు ఆ అర్థంలో ఒక్కరోజు కూడా ఏకైక కుమారుడు కాడు.

ఈ ఇబ్బందిని ముందుగా గమనించినవారు యూదు పండితులే. యూదుల ప్రాచీన మత చర్చల సంకలనమైన తల్మూద్‌లో ఉన్న ఒక సంభాషణను 11వ శతాబ్దపు ఫ్రాన్స్‌కు చెందిన వ్యాఖ్యాత రాషీ తన వ్యాఖ్యానంలో తీసుకున్నాడు. దాని సారం ఇది. దేవుడు "నీ కుమారుణ్ణి" అంటే, అబ్రాహాము "నాకు ఇద్దరున్నారు" అంటాడు. "ఒక్కణ్ణి" అంటే, "వాడు వాళ్ల అమ్మకు ఒక్కడు, వీడు వీళ్ల అమ్మకు ఒక్కడు" అంటాడు. "నీవు ప్రేమించేవాణ్ణి" అంటే, "ఇద్దరినీ ప్రేమిస్తాను" అంటాడు. అప్పుడు గాని "ఇస్సాకును" అన్న మాట రాదు. తండ్రి గుండె ఒక్కసారిగా తల్లడిల్లకుండా దేవుడు నెమ్మదిగా చెప్పాడని రాషీ వివరణ. నా దృష్టిలో ఈ సంభాషణ గొప్పతనం మరొకచోట ఉంది: ఇంటి నుంచి వెళ్లగొట్టబడిన ఇష్మాయేలును అబ్రాహాము ఇంకా తన కుమారుడిగానే లెక్కపెడుతున్నాడు.

మరొక సమాధానం సందర్భాన్ని బట్టి చెప్పేది. ముందు అధ్యాయంలో హాగరునూ ఇష్మాయేలునూ అబ్రాహాము అరణ్యానికి పంపివేశాడు. "ఇస్సాకు వలననే నీ సంతానం పిలువబడుతుంది" అన్న మాట కూడా అక్కడే వచ్చింది. కనుక వాగ్దానానికి వారసుడిగా, ఇంట్లో మిగిలినవాడిగా ఇస్సాకు "ఒక్కడు". హెబ్రీ బైబిలును క్రీస్తుకు పూర్వమే గ్రీకులోకి అనువదించినవారు ఈ చోట "ఒక్కడు" అనే మాటనే వదిలి "ప్రియమైనవాడు" అనే అర్థమిచ్చే మాట వాడారు.

ఖురాన్ కుమారుడి పేరు చెప్పకపోతే, ముస్లిములు ఇస్మాయీల్ అని ఎలా నిర్ణయించారు?

ఈ ప్రశ్నకు చాలామంది ఊహించని సమాధానం ఉంది. నేడు ముస్లిం లోకంలో దాదాపు అందరూ ఇస్మాయీల్ అనే చెబుతారు గాని, తొలి శతాబ్దాలలో పండితులు రెండు పక్షాలుగా ఉండేవారు. ప్రవక్త అనుచరుల నుంచి, వారి తర్వాతి తరం నుంచి వచ్చిన ఉల్లేఖనాలు రెండు పేర్లకూ ఉన్నాయి. ఆ అనుచరులలో ప్రసిద్ధుడైన ఇబ్న్ అబ్బాస్ పేరు మీదనే రెండు రకాల మాటలూ ప్రచారంలో ఉన్నాయి. క్రీ.శ. 923లో మరణించిన అత్-తబరీ, ఇస్లామీయ వ్యాఖ్యాన సంప్రదాయంలో తొలి మహాసంకలన కర్త, రెండు పక్షాల ఉల్లేఖనాలనూ వరుసగా పేర్చి చివరకు ఇస్‌హాఖ్ అనే తేల్చాడు. 1373లో మరణించిన ఇబ్న్ కసీర్ అదే పంథాలో ఉల్లేఖనాలను పరిశీలించి ఇస్మాయీల్ అని గట్టిగా వాదించాడు. తర్వాతి కాలంలో నిలిచినది ఇబ్న్ కసీర్ పక్షం.

ఆ రెండు పక్షాల వాదనలు ఏమిటి?

ఇస్మాయీల్ పక్షానికి బలమైన ఆధారం వాక్యాల వరుస. సాఫ్ఫాత్ సూరాలో ఇబ్రాహీం సత్సంతానం కోసం ప్రార్థిస్తాడు. "సహనశీలుడైన బాలుడు" పుడతాడని శుభవార్త వస్తుంది. ఆ బాలుడు తండ్రితో కలిసి తిరిగి పనిచేయగల వయసుకు వచ్చాక కల వస్తుంది. బలి ఘట్టం ముగుస్తుంది. అదంతా అయ్యాక 112వ వాక్యంలో "అతనికి ఇస్‌హాఖ్ గురించి శుభవార్త ఇచ్చాము, అతడు సజ్జనులలో ఒక ప్రవక్త" అని ఉంది. ఇస్‌హాఖ్ శుభవార్త కథ ముగిశాక వస్తే, కథలోని బాలుడు అతనికి ముందు పుట్టినవాడు కావాలి కదా అన్నది వాదం.

రెండవ ఆధారం 11వ సూరా, హూద్, 71వ వాక్యం. అక్కడ ఇబ్రాహీం భార్యకు ఇస్‌హాఖ్ పుడతాడనీ, ఇస్‌హాఖ్ తర్వాత యాఖూబ్ అనీ ఒకే శుభవార్తలో చెప్పబడింది. మనవడు పుడతాడని ముందే మాట ఇచ్చిన దేవుడు, ఆ మనవడికి తండ్రి కావలసినవాణ్ణి బాల్యంలోనే బలి ఇమ్మంటే, అతడు చనిపోడని తండ్రికి ముందే తెలిసినట్టే; ఇక అందులో పరీక్ష ఏముంది? దీనికి తోడు 21వ సూరాలో ఇస్మాయీల్‌ను సహనశీలుర జాబితాలో చేర్చారు. బలికి సిద్ధమైన కుమారుడు చెప్పిన మాటా "దేవుడు తలిస్తే నన్ను సహనశీలుడిగా చూస్తారు" అనే. పైగా ఆదికాండములోని "ఒక్కణ్ణి" అనే మాట ఇస్మాయీల్‌కే వర్తిస్తుందనీ, ఇస్సాకు పేరు తర్వాత చేర్చినదనీ ఇబ్న్ కసీర్ అభిప్రాయం. ఈ చివరి వాదాన్ని యూదులూ క్రైస్తవులూ అంగీకరించరని వేరే చెప్పనక్కరలేదు.

తబరీ వీటిని తెలియక ఇస్‌హాఖ్ అనలేదు, ఒక్కొక్కదానికీ జవాబిచ్చాడు. ఖురాన్‌లో ఇబ్రాహీంకు కుమారుడి శుభవార్త అని పేరుతో చెప్పిన చోటల్లా ఆ పేరు ఇస్‌హాఖే కనుక, పేరు చెప్పనిచోట కూడా అతణ్ణే గ్రహించాలన్నది అతని మూలసూత్రం. 112వ వాక్యం పుట్టుక గురించి కాదు, ఇస్‌హాఖ్‌కు ప్రవక్త పదవి వస్తుందన్న రెండవ శుభవార్త అన్నాడు. యాఖూబ్ అభ్యంతరానికి, ఇస్‌హాఖ్ పెద్దవాడయ్యాకనే ఆజ్ఞ వచ్చింది గనుక అప్పటికే యాఖూబ్ పుట్టి ఉండడం అసాధ్యమేమీ కాదన్నాడు. కుమారుడికి బదులుగా బలైన పొట్టేలు కొమ్ములు ఒకప్పుడు కాబాలో వేలాడేవన్న ఉల్లేఖనాలను చూపి, కనుక సంఘటన మక్కాలో జరిగిందని అన్నవారికి, ఆ కొమ్ములను సిరియా ప్రాంతం నుంచి తెచ్చి ఉండవచ్చు కదా అని బదులిచ్చాడు.

ఇద్దరి వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాక్యాల వరుస మీద ఆధారపడిన వాదమే సహజంగా ఉందని నాకు అనిపిస్తుంది. యాఖూబ్ గురించి తబరీ ఇచ్చిన జవాబు బాలుణ్ణి బిడ్డల తండ్రిని చేసేస్తుంది. కాని ఇది ముగిసిన తగవు కాదని తబరీ అంతటివాడు ఆ పక్షాన నిలబడడమే చూపిస్తోంది. ఈ విషయంలో భిన్నాభిప్రాయం ఉన్నంత మాత్రాన ఎవరి విశ్వాసాన్నీ శంకించలేదు, ఎందుకంటే పేరు విశ్వాస సూత్రాలలో భాగం కాదు.

కుమారుడికి ఏమి జరగబోతోందో ముందే తెలుసా?

రెండు గ్రంథాల మధ్య అసలైన తేడా పేరులో కంటే ఇక్కడే ఎక్కువ. ఖురాన్‌లో తండ్రి కొడుకును అడుగుతాడు: నిన్ను బలి ఇస్తున్నట్టు కల కన్నాను, నీ అభిప్రాయమేమిటి? కొడుకు "మీకు ఆజ్ఞాపించినట్టే చేయండి" అంటాడు. ఆపై ఇద్దరూ లోబడ్డారని ద్వివచనంలో ఉంది. ఆ క్రియాపదం, "ఇస్లాం" అన్న మాట ఒకే ధాతువు నుంచి వచ్చినవి. పరీక్షలో తండ్రి, కొడుకు ఇద్దరూ నెగ్గుతారు.

ఆదికాండములో అబ్రాహాము ఏమీ చెప్పడు. కట్టెలు కుమారుడి మీద పెట్టి, నిప్పూ కత్తీ తాను పట్టుకుంటాడు. "నిప్పు ఉంది, కట్టెలు ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది?" అని ఇస్సాకు అడిగితే, "దేవుడే చూసుకుంటాడు" అన్నది జవాబు. ఆ ప్రశ్నకు ముందొకసారి, తర్వాతొకసారి "వారిద్దరూ కలిసి వెళ్లారు" అని వచనం చెబుతుంది. మొదటిసారి తెలియక నడిచిన నడక, రెండవసారి తెలిసి నడిచినదని యూదు వ్యాఖ్యాతలు చదివారు. ఆ తర్వాత ఇస్సాకు ఈ అధ్యాయంలో నోరు విప్పడు.

ఆ మౌనాన్ని పూరించడానికే అతని వయసు మీద చర్చ పుట్టింది. ఇస్సాకును కన్నప్పుడు శారాకు 90 ఏళ్లు. ఆమె మరణం తరువాతి అధ్యాయంలోనే వస్తుంది, అప్పటికి 127 ఏళ్లు. బలి వార్త విని ఆమె ప్రాణం విడిచిందన్న సంప్రదాయాన్ని దీనికి కలిపితే, ఇస్సాకుకు 37 ఏళ్లని తేలుతుంది. ముప్పై ఏడేళ్ల మనిషిని వందేళ్లు దాటిన ముసలితండ్రి బలవంతంగా కట్టలేడు గనుక అతడు ఇష్టపడే చేతులు చాచాడన్నమాట. అరమాయిక్ అనువాదాలలోనైతే, భయంతో పెనుగులాడి బలికి పనికిరాకుండా పోతానేమో, గట్టిగా కట్టమని ఇస్సాకే తండ్రిని కోరతాడు. ముస్లిం ఉల్లేఖనాలలోనూ కుమారుడు ఇలాంటి కోరికే కోరడం గమనించదగింది.

12వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా మాత్రం 37 ఏళ్ల లెక్కను ఒప్పుకోలేదు. అదే నిజమైతే తండ్రి కంటే కుమారుడి త్యాగాన్నే గ్రంథం పొగిడి ఉండేది కదా అన్నాడు. కట్టెల మోపు మోయగలిగాడు గనుక పసివాడూ కాడు. సుమారు 13 ఏళ్లని అతని అంచనా.

యూదులు దీన్ని "బలి" అనరా?

అనరు. వారు వాడే మాట "అకేదా", అంటే కట్టడం. చేతులూ కాళ్లూ బంధించడమే జరిగింది, బలి జరగలేదు. దేవుడు చెప్పిన క్రియాపదానికి "పైకి తీసుకురా" అన్న అర్థమూ ఉంది గనుక, వధించమని ఆయన అసలు అననేలేదని రాషీ వివరించాడు. యూదుల నూతన సంవత్సరమైన రోష్ హషానా రెండవ రోజున ఈ అధ్యాయాన్ని సభామందిరంలో చదువుతారు. ఆ పండుగలో ఊదే పొట్టేలు కొమ్ము, పొదలో కొమ్ములు చిక్కుకున్న ఆ పొట్టేలును దేవుడికి జ్ఞాపకం చేయడానికేనని తల్మూద్ చెబుతుంది. తీర్పుదినాన ఆ తండ్రి విధేయతను చూసి సంతానాన్ని కనికరించమన్నది ప్రార్థన.

క్రైస్తవులకు ఇందులో ప్రత్యేకంగా కనిపించేదేమిటి?

కుమారుడు ఇస్సాకేనన్న విషయంలో క్రైస్తవులకు వివాదం లేదు. వారి ఆసక్తి కుమారుణ్ణి అర్పించే తండ్రి మీద ఉంటుంది. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో దేవుడు తన సొంత కుమారుణ్ణి కూడా వెనుదీయక అప్పగించాడని పౌలు రాసిన మాటలో ఆదికాండపు నుడి వినిపిస్తుంది. తొలి శతాబ్దాల సంఘ పితరులు ఇస్సాకు మోసిన కట్టెలలో సిలువనూ, పొదలో చిక్కిన పొట్టేలులో ముళ్లకిరీటం ధరించిన క్రీస్తునూ చూశారు. ఇక్కడ పోలిక సరిగ్గా అతకదని వారికీ తెలుసు: ఇస్సాకు చావలేదు, క్రీస్తు చనిపోయాడు. అందుకే కట్టెలు మోసే వరకు ఇస్సాకు, చనిపోయే దగ్గర పొట్టేలు క్రీస్తుకు గుర్తుగా నిలిచారు.

హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం మరొక కోణం చూపిస్తుంది. వాగ్దానమంతా ఇస్సాకు మీదనే ఉన్నప్పుడు అతణ్ణే అర్పించడానికి అబ్రాహాము ఎలా ఒప్పుకున్నాడు? దేవుడు చనిపోయినవారిని కూడా లేపగలడని అతడు ఎంచాడట. యాకోబు పత్రికేమో అదే సంఘటనను చూపి, అబ్రాహాము క్రియల వల్ల నీతిమంతుడయ్యాడు కదా అని అడుగుతుంది. ఒకే ఘట్టం ఒకరికి విశ్వాసానికీ, మరొకరికి క్రియకూ ఉదాహరణ అయింది.

తెలుగునాట ఆటోల వెనుక, ఇళ్ల గడపల మీద కనిపించే "యెహోవా యీరే" అన్న మాట ఈ అధ్యాయంలోనిదే. పొట్టేలు దొరికిన చోటికి అబ్రాహాము పెట్టిన పేరది. "దేవుడు సమకూరుస్తాడు" అని ధైర్యంగా రాసుకునే ఆ మాట, కొడుకు అడిగిన "గొర్రెపిల్ల ఏది?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు నుంచే పుట్టిందని చాలామంది గుర్తుంచుకోరు.

సంఘటన ఎక్కడ జరిగిందంటారు?

కుమారుడు ఎవరన్న జవాబును బట్టే చోటు కూడా మారుతుంది. ఆదికాండము "మోరీయా దేశం" అంటుంది; రెండవ దినవృత్తాంతముల గ్రంథం సొలొమోను యెరూషలేములో మందిరం కట్టిన కొండకు మోరీయా అన్న పేరు చెబుతుంది, యూదులు దాన్నే నమ్ముతారు. సమరయులు తమ పవిత్ర పర్వతమైన గెరిజీము అంటారు. క్రైస్తవ సంప్రదాయం దాన్ని క్రీస్తును సిలువ వేసిన గొల్గొతాకు జరిపింది. యెరూషలేములోని పవిత్ర సమాధి చర్చి పక్కన అబ్రాహాము పేర ఒక ప్రార్థనాలయం నేటికీ ఉంది. ఇస్మాయీల్ అనే ముస్లిములకు అది మక్కా దగ్గరి మినా లోయ. హజ్ యాత్రికులు అక్కడ ఒకప్పుడు స్తంభాలుగా ఉన్న మూడు గోడల మీద రాళ్లు రువ్వడం, ఆజ్ఞను మీరమని ఇబ్రాహీంను ప్రేరేపించిన షైతాన్‌ను అతడు తరిమిన జ్ఞాపకమని చెబుతారు.

బక్రీద్ ఖుర్బానీకి ఈ కథతో ఉన్న సంబంధం ఏమిటి?

జుల్‌హజ్ నెల 10వ తేదీన వచ్చే ఆ పండుగ ఈ సంఘటన స్మృతిగానే జరుగుతుంది. ఖురాన్‌లో కుమారుడికి బదులుగా "గొప్ప బలి" ఇచ్చి విడిపించామని ఉంది. హనఫీ ధర్మశాస్త్రం స్తోమత గలవారికి ఖుర్బానీని తప్పనిసరి చేస్తుంది. మిగిలిన సున్నీ శాఖలలో అత్యధికులు గట్టిగా సిఫారసు చేసిన ఆచారమంటారు. హనఫీల లెక్కలో మేకకు ఏడాది నిండాలి; అది ఒకరి తరఫునే. మాంసాన్ని ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు మూడు భాగాలు చేయడం వాడుక. మాంసమూ రక్తమూ దేవుణ్ణి చేరవు, మీ భక్తిభావమే ఆయనను చేరుతుందని 22వ సూరా 37వ వాక్యం అంటుంది.

మన సిరియాళుడి కథ కూడా ఇలాంటిదే కదా?

తెలుగువారికి ఈ పోలిక తట్టడం సహజం, కాని తేడా పెద్దది. చిరుతొండ నంబి కథలో శివుడు అతిథి వేషంలో వచ్చి కోరితే తల్లిదండ్రులు కలిసి బిడ్డ సిరియాళుణ్ణి చంపి వండుతారు. తర్వాత శివుడు బతికిస్తాడు. ఇక్కడ కత్తి దిగదు. అక్కడ తల్లికి పాత్ర ఉంది. ఆదికాండము 22వ అధ్యాయంలో శారా పేరు కూడా రాదు.

ఆ తర్వాత ఇద్దరు కుమారుల సంగతి ఏమైంది?

కొండ దిగివచ్చేటప్పుడు ఆదికాండము అబ్రాహాము తన పనివారి దగ్గరికి తిరిగి వెళ్లాడని మాత్రమే అంటుంది, ఇస్సాకు ప్రస్తావన లేదు. తండ్రీకొడుకులు మళ్లీ మాట్లాడుకున్నట్టు కూడా గ్రంథంలో ఎక్కడా లేదు. 25వ అధ్యాయంలో అబ్రాహాము 175వ ఏట మరణించినప్పుడు మాత్రం ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి అతణ్ణి మక్పేలా గుహలో పాతిపెట్టారు.

ఇస్మాయీల్ సమాధి కాబా పక్కనే ఉన్న అర్ధవలయపు ఆవరణలో ఉందని ముస్లిం సంప్రదాయం. మక్పేలా గుహ హెబ్రోనులో ఉంది; దాని మీది కట్టడం 1994 తర్వాత మసీదు భాగం, యూదుల ప్రార్థనా భాగం అని విడిపోయింది. ఇస్సాకు, అతని భార్య రిబ్కాల సమాధి గుర్తులున్న పెద్ద మందిరం ముస్లిముల భాగంలోకి వచ్చింది. ఏడాదిలో పది రోజులు మొత్తం కట్టడాన్ని యూదులకు వదిలినప్పుడు మాత్రమే వారు అందులోకి వెళ్లగలరు. మరో పది రోజులు మొత్తం ముస్లిములదే.